అద్దె మూడు లక్షలు, పన్ను ఎంత మీద?

అద్దెగా వచ్చిన ప్రతి రూపాయి మీదా పన్ను కట్టాల్సిందేనని కొందరు బెంగపడుతుంటారు. వచ్చిన అద్దె ఈఎంఐకే చాలడం లేదు, ఇక ఆదాయమెక్కడిది, రిటర్నులో చూపించడమెందుకని ఇంకొందరి ధీమా. ఈ మధ్య మూడో రకం కూడా బయల్దేరింది. కొత్త పన్ను విధానంలో హోమ్‌లోన్ వడ్డీకి మినహాయింపే లేదట కదా అని, అద్దె మీద పూర్తిగా పన్ను కట్టేసి ఊరుకుంటున్నారు. ఈ ముగ్గురిలో ఎవరి లెక్కా సరైనది కాదు. చివరివాళ్లయితే చేతిలోని డబ్బును ఊరికే వదులుకుంటున్నారు.

ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో ఇంటి అద్దెది ప్రత్యేకమైన పద్దు. జీతం, వ్యాపారం లాంటి వాటితో కలపకుండా ముందుగా దాని లెక్క దానికే తేల్చాలి. అందులో తీసివేతలు మూడే మూడు: మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, ఇంటి అప్పు మీది వడ్డీ. ఈ వరుస కూడా మార్చడానికి వీల్లేదు. మూడింటికీ మూడు రకాల నియమాలు. తప్పులు దొర్లేది కూడా అక్కడే, ఒకదాని నియమాన్ని ఇంకోదానికి వర్తింపజేసుకుంటారు.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. యజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఫ్లాటును నెలకు 25,000 రూపాయలకు అద్దెకిచ్చారు. 2025–26 ఆర్థిక సంవత్సరంలో పన్నెండు నెలలూ అద్దె వచ్చింది, మొత్తం 3,00,000. ఏడాదికి ఇంటి పన్ను 6,000. 2021 ఆగస్టులో 45 లక్షల లోను తీసుకున్నారు, ఈఎంఐ నెలకు 39,000. ఫ్లాటు చేతికొచ్చింది 2023 డిసెంబరులో. పేరు వద్దు కాబట్టి ఆయన్ని యజమానిగారనే పిలుద్దాం.

లెక్క మొదలుపెట్టే ముందు అద్దె సంగతి. అడ్వాన్సుగా తీసుకుని, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు అద్దె కాదు, లెక్కలోకి రాదు. అద్దెకున్నవాళ్లు మెయింటెనెన్స్‌ను నేరుగా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు కడుతుంటే అదీ యజమాని ఆదాయం కాదు. అద్దె ఒప్పందంలో ఆ రెండు మొత్తాలనూ విడివిడిగా రాసుకోవడం మేలు. మధ్యలో రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉండి, అందువల్ల అద్దె తగ్గితే, నిజంగా వచ్చిన పది నెలల అద్దెనే తీసుకోవచ్చు. కానీ పాతిక వేలు పలికే ఇంటిని బంధువుకు ఐదు వేలకిచ్చి, ఆ ఐదు వేలే చూపిస్తామంటే కుదరదు. ఆ ఇంటికి న్యాయంగా ఎంత రావాలో అది కూడా చట్టం చూస్తుంది, రెండింటిలో ఎక్కువదాన్నే లెక్కకు తీసుకుంటుంది.

ఇంటి పన్ను: కట్టిన తేదీ ముఖ్యం

మొదటి తీసివేత మున్సిపల్ పన్ను. మున్సిపాలిటీయే కానక్కర్లేదు, ఊళ్లో ఇల్లయితే పంచాయతీకి కట్టే ఇంటి పన్నూ చెల్లుతుంది. షరతులు రెండు. పన్ను యజమాని చేతి నుంచే వెళ్లాలి. ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టి ఉండాలి.

బిల్లు వచ్చిందా, ఎప్పటి బకాయి అన్నవి కాదు, రసీదు మీది తేదీయే ప్రమాణం. మన యజమానిగారు 2025–26 పన్నును మార్చి 31 దాటాక ఏప్రిల్ 5న కట్టారనుకోండి, ఆ 6,000 ఈ ఏడాది లెక్కలో తీసేయడానికి లేదు, మరుసటి ఏడాదికి పోతుంది. దీన్నే తిరగేస్తే లాభం కూడా ఉంది. మూడేళ్లుగా కట్టని బకాయిని ఈ ఏడాది ఒకేసారి తీర్చేస్తే, పాత సంవత్సరాల పన్ను సహా మొత్తం ఈ ఏడాదే తగ్గించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లోనే ఏడాది ఆస్తి పన్నంతా ముందుగా కట్టేవాళ్లకు 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. దాన్ని వాడుకునేవాళ్లకు తేదీ గొడవే ఉండదు.

కొన్నిచోట్ల ఇంటి పన్నును కూడా అద్దెకున్నవాళ్లే కట్టాలని ఒప్పందంలో రాసుకుంటారు. అప్పుడు యజమానికి ఈ తీసివేత లేదు. నీటి బిల్లు, కరెంటు బిల్లు, అసోసియేషన్ చందా ఏవీ ఈ పద్దు కింద రావు. అవి పన్నులు కావు, వాడుకున్నదానికి కట్టే చార్జీలు.

మన ఫ్లాటుకు 3,00,000 నుంచి 6,000 పోగా మిగిలేది 2,94,000. చట్టం దీన్ని వార్షిక విలువ అంటుంది.

30 శాతం: రసీదు అడగరు

రెండోది స్టాండర్డ్ డిడక్షన్. వార్షిక విలువలో 30 శాతం, అంటే మన లెక్కలో 88,200. ఇది పోగా 2,05,800.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, 30 శాతం కట్టేది మొత్తం అద్దె మీద కాదు, ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాని మీద. 3,00,000 మీద 90,000 తీసేస్తే 1,800 ఎక్కువ తీసుకున్నట్టు. రెండోది ఇంకా ముఖ్యం. ఈ 30 శాతానికి ఖర్చుతో సంబంధం లేదు. ఏడాదంతా ఇంటికి ఒక్క రూపాయి పెట్టకపోయినా వస్తుంది. రంగులు వేయించి, మోటారు మార్చి, బాత్‌రూము లీకేజీ సరిచేయించి రెండు లక్షలు ఖర్చు పెట్టినా అంతే వస్తుంది. మరమ్మతులు, ఇంటి బీమా, బ్రోకరు కమీషను, వాచ్‌మన్ జీతం, అసోసియేషన్ మెయింటెనెన్స్ అన్నీ ఈ 30 శాతంలోనే ఇమిడిపోయాయని చట్టం భావన. 2001 నాటి ఫైనాన్స్ చట్టానికి ముందు మరమ్మతులకింత, బీమాకింత అని వేర్వేరు పద్దులుండేవి. వాటన్నిటినీ తీసేసి ఈ ఒక్క శాతాన్ని పెట్టారు. కొత్త ఇల్లున్నవాళ్లకు ఇది లాభసాటి బేరం. ముప్ఫై ఏళ్లనాటి మేడకు ఏటా చిల్లులు పూడ్చుకునేవాళ్లకు గిట్టుబాటు కాదు. అయినా ఇంకో దారి లేదు. ఇల్లు అద్దెకివ్వడాన్ని వ్యాపారంగా చూపించి అసలు ఖర్చులన్నీ రాసుకుందామన్న ఆలోచన కొందరికి ఉండేది. నివాస గృహాల విషయంలో 2024–25 ఆదాయం నుంచి ఆ తలుపూ మూసేశారు.

అప్పు లేని ఇంటికి లెక్క ఇక్కడితో అయిపోయింది. ఈ 2,05,800 మిగతా ఆదాయంతో కలుస్తుంది, ఎవరి స్లాబును బట్టి వారికి పన్ను పడుతుంది. 20 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 42,806 రూపాయలు. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లకు చాలామందికి ఇదీ పడదు. కొత్త విధానంలో అన్ని రకాల మామూలు ఆదాయాలూ కలిపి మినహాయింపులు పోగా 12 లక్షలు దాటకపోతే, రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. పన్ను లేదు కదా అని రిటర్ను మానేయకూడదు. 4 లక్షలు దాటిన ఆదాయానికి రిటర్ను వేయాల్సిందే.

వడ్డీ: ఈఎంఐ కాదు, అందులో కొంత

మూడోది వడ్డీ. దీని మీద అపోహలు ఎక్కువ. యజమానిగారు ఏడాదిలో కట్టిన ఈఎంఐలు 4,68,000. అందులో అసలుకు పోయింది 1,28,000, వడ్డీకి పోయింది 3,40,000. అద్దె లెక్కలో తీసేయడానికి వీలున్నది ఈ 3,40,000 మాత్రమే. అసలుకు ఇక్కడ చోటు లేదు. పాత విధానంలో ఉంటే పీఎఫ్, ఎల్ఐసీలతో పాటు 80సీ కింద ఏడాదికి లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు, అంతే. ఈ విడదీత బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లో ఉంటుంది. నెట్ బ్యాంకింగ్‌లో దొరుకుతుంది.

అద్దెకిచ్చిన ఇంటికి ఈ వడ్డీ మీద గరిష్ఠ పరిమితి లేదు. అందరూ చెప్పుకునే 2 లక్షల హద్దు మనం కాపురముంటున్న ఇంటి వడ్డీకి సంబంధించినది, అదీ పాత విధానంలోనే. అద్దె ఇంటికీ 2 లక్షల మాట వస్తుంది గానీ అది వేరే చోట, నష్టాన్ని సర్దుకునేటప్పుడు. అక్కడికి వద్దాం.

ఇంటి పన్నుకూ వడ్డీకీ తేడా చూడండి. ఇంటి పన్ను కడితేనే లెక్క. వడ్డీ అలా కాదు, ఆ ఏడాదికి లెక్కకొచ్చిన వడ్డీ చాలు. ఒకటి రెండు ఈఎంఐలు కట్టలేకపోయినా ఆ నెలల వడ్డీని తీసుకోవచ్చు. అయితే ఆలస్యానికి బ్యాంకు వేసే జరిమానా, కట్టని వడ్డీ మీద పడే వడ్డీ చెల్లవు.

ఇల్లు చేతికి రాకముందు కట్టిన వడ్డీ సంగతి చాలామంది మరచిపోతారు. యజమానిగారి లోను 2021 ఆగస్టుది, ఫ్లాటు పూర్తయింది 2023 డిసెంబరులో. ఇల్లు పూర్తయిన ఆర్థిక సంవత్సరానికి ముందరి మార్చి 31 వరకు, అంటే 2023 మార్చి 31 దాకా కట్టిన వడ్డీనంతా ఒక ముద్దగా చేయాలి. అది 4,50,000 అనుకుందాం. దాన్ని ఐదు సమాన భాగాలు చేసి, ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదేళ్లపాటు ఏటా 90,000 చొప్పున తీసుకోవచ్చు. 2023–24లో మొదలైంది కాబట్టి 2027–28తో అయిపోతుంది. బిల్డరు ఆలస్యం చేసిన కొద్దీ ఈ ముద్ద పెరుగుతుంది. ఆ పాత సంవత్సరాల వడ్డీ సర్టిఫికెట్లు దాచిపెట్టుకోని వాళ్లు ఇప్పుడైనా బ్యాంకునడిగి తెచ్చుకోవాలి.

అప్పు బ్యాంకుదే కానక్కర్లేదన్న సంగతి కూడా మన ఊళ్లలో చాలామందికి తెలియదు. ఇల్లు కట్టడానికి మామగారి దగ్గరో, తెలిసినవారి దగ్గరో నూటికి రూపాయి వడ్డీకి తెచ్చినా ఆ వడ్డీ చెల్లుతుంది. నోటు రాసుకుని, డబ్బు బ్యాంకు ద్వారా నడిచి, అప్పిచ్చినవారు వడ్డీ మొత్తాన్నీ తమ పాన్ నంబరునూ రాసి సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. వారు ఆ వడ్డీని తమ రిటర్నులో ఆదాయంగా చూపించాలి. చాలా ఇళ్లలో బేరం తెగేది సరిగ్గా ఈ మాట దగ్గరే.

ఇంకో చిక్కు పేర్లది. ఇల్లు తండ్రి పేర ఉంటుంది, ఈఎంఐ కొడుకు కడుతుంటాడు. కొడుకుకు యాజమాన్యం లేదు కాబట్టి వడ్డీ తీసేయడానికి లేదు. భార్యాభర్తలిద్దరి పేరా రిజిస్ట్రేషనై, లోనూ ఇద్దరి పేరా ఉంటే అద్దె, వడ్డీ ఇద్దరికీ వాటాల ప్రకారం పంచాలి. అద్దె మొత్తం తక్కువ స్లాబులో ఉన్న భార్యకు, వడ్డీ మొత్తం ఎక్కువ స్లాబులో ఉన్న భర్తకు అని రాసుకోవడం కుదరదు.

నష్టం వచ్చాక

ఇప్పుడు కూడదాం. మిగిలిన 2,05,800 నుంచి ఈ ఏడాది వడ్డీ 3,40,000, పాత ముద్దలో భాగం 90,000, కలిపి 4,30,000 తీసేస్తే 2,24,200 నష్టం. అద్దె 3 లక్షలు వచ్చినా పన్ను చట్టం లెక్కలో ఆ ఇల్లు నష్టంలో ఉంది. అద్దె మీద పన్ను లేదు. ఇక్కడిదాకా పాత విధానమైనా కొత్త విధానమైనా తేడా లేదు. అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని కొత్త విధానమూ ఒప్పుకుంటుంది. అది కాదన్నది సొంతంగా కాపురమున్న ఇంటి వడ్డీని. ఈ తేడా తెలియక కొత్త విధానంలో వడ్డీ గడి ఖాళీగా వదిలేస్తే, యజమానిగారికి 2,05,800 మీద అనవసరంగా 42,806 పన్ను పడేది.

దారులు చీలేది నష్టం దగ్గర. పాత విధానంలో ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు, ఏడాదికి 2 లక్షల వరకు. మిగిలిన 24,200ను ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, ఇంటి అద్దె ఆదాయంలోంచి మాత్రమే సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఇంటి నష్టం జీతం జోలికి రాదు.

అయితే 2 లక్షల నష్టం కోసం పాత విధానంలోనే ఉండాలా? 30 శాతం స్లాబులో 2 లక్షలంటే సెస్సుతో 62,400 పన్ను. వినడానికి పెద్ద మొత్తమే. కానీ యజమానిగారి జీతం ఏడాదికి 18 లక్షలనుకుని చిన్నాచితకా వదిలేసి చూడండి. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 17,25,000 మీద పన్ను సెస్సుతో 1,50,800. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, ఇంటి నష్టం 2 లక్షలు, 80సీ లక్షన్నర తీసేస్తే 14 లక్షలు మిగులుతుంది, దాని మీద పన్ను 2,41,800. నష్టాన్ని పూర్తిగా వాడుకున్నా పాత విధానంలో 91,000 ఎక్కువ కట్టాలి.

ఆయన ఆ ఫ్లాటును అద్దెకిచ్చి, తాను ఆఫీసు దగ్గర గచ్చిబౌలిలో అద్దెకుంటున్నారనుకుందాం. ఇలా చేసేవాళ్లు తక్కువేమీ కాదు. సొంతిల్లుంది కాబట్టి హెచ్‌ఆర్‌ఏ రాదనే భయం అక్కర్లేదు. నిజంగా వేరే ఇంట్లో అద్దె కడుతుంటే రెండూ కలిపి తీసుకోవచ్చు. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 3 లక్షలు, ఆరోగ్య బీమా 25,000 కూడా కలిస్తే పాత విధానంలో ఆదాయం 10,75,000కు దిగుతుంది, పన్ను 1,40,400. ఇప్పుడు పాత విధానమే 10,400 చవక. నా ఉద్దేశంలో ఒక్క ఇంటి నష్టాన్ని చూసి పాత విధానాన్ని పట్టుకుని కూర్చోవడం దండగ. దానికి పెద్ద హెచ్‌ఆర్‌ఏ తోడైతేనే ఆలోచించాలి.

విదేశాల్లో ఉన్నవాళ్ల ఇళ్లు

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటూ ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చిన తెలుగువాళ్లకు లెక్క ఇదే. ఇబ్బంది పడేది అద్దెకున్నవాళ్లు. యజమాని ఇక్కడే ఉంటే, నెల అద్దె 50,000 దాటినప్పుడే అద్దెకున్న వ్యక్తి 2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. యజమాని ఎన్నారై అయితే ఆ 50,000 హద్దు లేదు. అద్దె 15,000 అయినా మామూలుగా 31.2 శాతం పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. పట్టుకోకపోతే బాధ్యత అద్దెకున్నవారిదే. అద్దె యజమాని తల్లిదండ్రుల ఖాతాలో పడుతున్నా, ఇల్లెవరి పేర ఉందో వారినే యజమానిగా చూస్తారు. 30 శాతం, వడ్డీ తీసేశాక నిజంగా పడే పన్ను సాధారణంగా అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి యజమాని తక్కువ టీడీఎస్ కోసం ముందుగా పన్నుల శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, లేదా రిటర్ను వేసి మిగిలింది వాపసు పొందవచ్చు.

అద్దె చూపించకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకునే రోజులు కావివి. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ అడిగే ఉద్యోగి తన ఆఫీసులో ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. టీడీఎస్ పడితే అది వార్షిక సమాచార పత్రంలో, అంటే AISలో కనిపిస్తుంది. రిటర్ను వేసే ముందు దాన్ని ఒకసారి తెరిచి, అద్దె కింద ఏముందో చూసుకోవాలి. వడ్డీ వైపూ పట్టు బిగించారు. అప్పిచ్చిందెవరు, లోను నంబరు, మంజూరైన తేదీ, మొత్తం, ఇంకా ఎంత బాకీ ఉంది అన్నవన్నీ 2024–25 ఆదాయపు రిటర్నుల నుంచి అడుగుతున్నారు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఇంటి పన్ను, 30 శాతం, వడ్డీ అన్న ఈ వరుస మారలేదు. 2025–26 ఆదాయానికి మాత్రం 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. పాత విధానం లాభమని తేలిన ఉద్యోగులు ఒక్క తేదీ మరచిపోవద్దు. వ్యాపార ఆదాయం లేనివాళ్లు పాత విధానాన్ని ఎంచుకోవాలంటే రిటర్నును గడువులోపే వేయాలి. ఆ గడువు మామూలుగా జులై 31. దాటితే రిటర్ను వేయనిస్తారు గానీ కొత్త విధానంలోనే, ఆ ఏడాది ఇంటి నష్టం జీతంలోంచి తగ్గదు.